జరిమానా బండిది, పాయింటు మనిషిది



గత మాసం మేము రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేటలో పరిచయమున్న ఒక ఇంటికి వెళ్ళాము. ఇంటి పెద్ద చాలా ఏళ్ళు మరమగ్గాల మీద పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. పెద్ద కుమారుడు దుబాయిలో ఒక సంస్థకు సరుకుల వ్యాను నడుపుతున్నాడు. చిన్నవాడు తండ్రి పేర ఉన్న మోటారు సైకిలు మీద కరీంనగరు వెళ్ళి చదువుకుంటున్నాడు. మేము కూర్చున్న కొద్దిసేపటికే ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. కరీంనగరులో ఎర్రదీపం పడినా ఆగకుండా పోయినందుకు చలానా అది. ఫోటోలో బండి నంబరు స్పష్టంగా కనబడుతున్నది.

ఆయన నిట్టూర్చి, "ఇద్దరు కొడుకులూ ఒకే దారిన పోతున్నారు సాబ్. పెద్దోడు కూడా అక్కడ మొన్న ఎర్రదీపం దాటిండట. కంపెనీ వాళ్ళు జీతంల కోసుకున్నరు. పైసలు కట్టినం, అయిపోయింది. ఇంకేముంటది?" అన్నారు.

ఆ చివరి ప్రశ్నే ఈ నెల మా శీర్షికకు విషయమైంది. పైసలు కట్టినంత మాత్రాన అక్కడ పని పూర్తి కాదు. ఇక్కడ కూడా చాలామంది అనుకుంటున్నట్లు పూర్తి కాకపోవచ్చు. కోనరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో గల్ఫుకు మనిషిని పంపిన ఇళ్ళు ఎన్నో. వాటిలో స్టీరింగు పట్టి బ్రతికేవారి ఇళ్ళు కొన్నైనా ఉంటాయి. ఆ ఇళ్ళవారు ఈ తేడా తెలుసుకొనడం అవసరమని మాకు తోచింది.

జరిమానా వేరు, పాయింటు వేరు. జరిమానా డబ్బుతో తీరే అప్పు. ఎవరు కట్టినా తీరుతుంది. తండ్రి కట్టవచ్చు, యజమాని కట్టవచ్చు, స్నేహితుడైనా కట్టవచ్చు. పాయింటు అలాంటిది కాదు. అది నడిపిన మనిషి లైసెన్సు మీద పడే గుర్తు. డబ్బు కట్టినా చెరగదు. నిర్ణీత కాలం గడిస్తేనే పడిపోతుంది. ఆ కాలం లోపల గుర్తులు ఒక హద్దుకు చేరితే లైసెన్సే నిలిచిపోతుంది. డబ్బున్నవాడికి జరిమానా పెద్ద భారం కాదు, లేనివాడికి అదే నెల జీతం. పాయింటు మాత్రం ఇద్దరికీ ఒకే బరువు. అందుకే అనేక దేశాలు జరిమానాతో పాటు ఈ లెక్కను కూడా పెట్టుకున్నాయి.

ఇక పెద్ద కుమారుని సంగతి చూద్దాం. యు.ఏ.ఇ.లో 2017 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం, తేలికపాటి వాహనం నడిపేవాడు ఎర్రదీపం దాటితే వెయ్యి దిర్హాముల జరిమానా, 12 నల్ల పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. ఒక సంవత్సరంలో 24 పాయింట్లు చేరితే లైసెన్సు నిలిపివేస్తారు. మొదటిసారి మూడు నెలలు, రెండవసారి ఆరు నెలలు, మూడవసారి ఒక సంవత్సరం. అంటే అక్కడ ఒక్క ఎర్రదీపం సగం లైసెన్సును తినివేస్తుంది. ఏడాదిలో రెండుసార్లు దాటితే మిగిలేది ఏమీ లేదు.

వేగం సంగతి కూడా ఇదే పద్ధతి. హద్దుకు పైన 51 నుండి 60 కిలోమీటర్ల మేర ఎక్కువ వేగంతో పోతే 1500 దిర్హాములు, 6 పాయింట్లు, 15 రోజుల జప్తు. 60 దాటితే 2000 దిర్హాములు, 12 పాయింట్లు, 30 రోజులు. 80 కూడా దాటితే 3000 దిర్హాములు, 23 పాయింట్లు, 60 రోజులు. ఈ చివరి దానిని గమనించండి. 24కు ఒక్కటే తక్కువ. హద్దు మీద 80 దాటినవాడిని చట్టం అంచు మీద నిలబెడుతుంది. ఆ తరువాత చిన్న తప్పు చేసినా లైసెన్సు పోతుంది.

కుమారుని లెక్క వేయమని తండ్రి అడిగారు. ఫోనులోనే అబ్బాయిని పిలిచి వివరాలు తెలుసుకున్నాము. జనవరిలో బండి నడుపుతూ ఫోను పట్టుకున్నందుకు 800 దిర్హాములు, 4 పాయింట్లు. మార్చిలో హద్దుకు 55 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోయినందుకు 1500 దిర్హాములు, 6 పాయింట్లు. జూలైలో ఎర్రదీపం, వెయ్యి దిర్హాములు, 12 పాయింట్లు. మొత్తం 3300 దిర్హాములు, మన డబ్బులో డెబ్బై వేల రూపాయలకు పైగా. అది జీతంలో కోతపడింది కనుక ఇంటికి తెలిసింది. కాని 4, 6, 12 కలిపితే 22 అవుతాయన్న సంగతి ఎవరూ కూడలేదు. ఆ అబ్బాయి లైసెన్సు 24కు రెండు పాయింట్ల దూరంలో ఉన్నది.

"బేటా, బెల్టు పెట్టుకుంటున్నావా?" అని మేము అడిగాము. ఆ ప్రశ్న ఎందుకో అతనికి అర్థం కాలేదు. సీటు బెల్టు లేకపోతే అక్కడ 400 దిర్హాములు, 4 పాయింట్లు. నాలుగు వందల దిర్హాముల చిన్న తప్పు అతని లెక్కను 26కు చేర్చి మూడు నెలల జీవనోపాధిని తీసివేయగలదు. లైసెన్సును నిలిపేది చివరి తప్పు ఎంత పెద్దదన్నది కాదు, దానికి ముందు ఎన్ని పోగుపడి ఉన్నాయన్నది.

అయితే ప్రతి పాయింటుకూ గడువు ఉన్నది. ఏడాది తిరిగేనాటికి అది లెక్కలో నుండి జారిపోతుంది. జనవరిలో పడిన నాలుగు వచ్చే జనవరికి పోతాయి, లెక్క 18కి దిగుతుంది. మార్చి గడిస్తే 12కు దిగుతుంది. కనుక అతనికి ఇప్పుడు అత్యంత ప్రమాదకరమైనవి ఈ మిగిలిన కొద్ది నెలలే. అంతదాకా ఆగనవసరం లేని మార్గం కూడా ఒకటి ఉన్నది. 24 చేరకముందే పోలీసు శాఖవారి శిక్షణ తరగతికి హాజరైతే 8 పాయింట్లు తగ్గిస్తారు. ఏడాదికి ఒక్కసారే ఈ అవకాశం. అతడు ఈ నెలలోనే ఆ తరగతికి పోతే 22 కాస్తా 14 అవుతుంది. తన పాయింట్లు ఎన్ని ఉన్నాయో దుబాయి పోలీసు యాప్‌లో గాని, అక్కడి అంతర్గత వ్యవహారాల శాఖ యాప్ MOI UAEలో గాని చూసుకొనవచ్చు. జీతం చీటీలో కనబడేది జరిమానా మాత్రమే. పాయింట్లు అక్కడ కనబడవు.

దుబాయి నుండి అబుధాబికి సరుకు తీసుకుపోయే డ్రైవర్లకు మరొక మాట. ఒకే దేశమైనా రెండు చోట్ల లెక్క ఒకటి కాదు. దుబాయిలో బోర్డు మీద వ్రాసిన వేగానికి పైన 20 కిలోమీటర్ల వరకు కెమెరా ఊరుకుంటుంది. అబుధాబిలో 2018 ఆగస్టు నుండి ఆ వెసులుబాటు లేదు. బోర్డు మీద 140 ఉంటే 140యే. ఎర్రదీపం విషయంలో అబుధాబి ఇంకా కఠినం. 2020 నాటి 5వ నంబరు చట్టం ప్రకారం అక్కడ ఎర్రదీపం దాటితే పై జరిమానా, పాయింట్లకు తోడు ఆరు నెలలు లైసెన్సు స్వాధీనం చేసుకుంటారు. జప్తు అయిన బండిని విడిపించుకొనడానికి 50 వేల దిర్హాములు కట్టాలి. మూడు నెలలలో కట్టకపోతే బండిని వేలం వేస్తారు. బండి సంస్థదే కావచ్చు. కాని అంత సొమ్ము పోగొట్టిన డ్రైవరును ఎంతమంది యజమానులు పనిలో ఉంచుకుంటారో పాఠకులే ఊహించగలరు.

ఇక్కడ ఒక చెడ్డ వ్యవహారం గురించి చెప్పక తప్పదు. పాయింట్లు నిండవచ్చిన వారికి, "నీ పాయింట్లు నా లైసెన్సు మీద వేసుకుంటాను, ఇంత ఇవ్వు" అని చెప్పేవారు తారసపడుతుంటారు. తక్కువ నడిపేవాడి లైసెన్సు ఖాళీగా ఉంటుంది, దానిని అద్దెకిస్తున్నాడన్నమాట. బండిని తాను నడపని వేళ తానే నడిపానని సంతకం చేయడం అబద్ధపు సాక్ష్యమే. అబద్ధపు సాక్ష్యం మన ధర్మంలో ఎంతటి పాపమో మన పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. లోక వ్యవహారంగా చూసినా అది నష్టమే. ఆ వేళ జరిగిన దానికి బాధ్యత మొత్తం సంతకం చేసినవాని మీదకు వస్తుంది. తిరగబడిన వాదన వినేవారు ఉండరు.

దీనికి ఎదురుగా మరొక అన్యాయం కూడా జరుగుతుంది. ఒకే వ్యానును ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడిపే చోట, ఒకరు చేసిన తప్పు మరొకరి లెక్కలో పడవచ్చు. కెమెరాకు బండి నంబరు తెలుసు గాని మనిషి తెలియడు. ఆ వేళ బండి ఎవరి చేతిలో ఉన్నదో సాధారణంగా సంస్థవారే చెబుతారు. అందుచేత మన అబ్బాయికి మేము చెప్పిన సలహా ఒకటే: బండి తీసుకున్న వేళ, అప్పగించిన వేళ చిన్న పుస్తకంలో వ్రాసి, అప్పగించుకున్నవాని సంతకం తీసుకొనమన్నాము. ఫోనులో తేదీ పడేలా మీటరు ఫోటో తీసి ఉంచినా సరే. ఆ రెండు నిమిషాల పని పన్నెండు పాయింట్లను ఆపగలదు.

ఇప్పుడు ఇంటి వద్ద ఉన్న చిన్నవాని సంగతి. "ఇక్కడ పాయింట్ల గొడవ లేదు కదా" అన్నారు తండ్రి.

మన తెలంగాణలో కూడా ఆ ప్రయత్నం జరిగింది. 2017 ఆగస్టు 1న, హైదరాబాదు నగరంతో మొదలుపెట్టి, పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టారు. హెల్మెటు లేకపోతే 1, ఎదురుదారిన నడిపితే 2, ఎర్రదీపం దాటితే 2, త్రాగి ద్విచక్ర వాహనం నడిపితే 3. ఇరువది నాలుగు నెలల్లో 12 చేరితే ఒక సంవత్సరం లైసెన్సు నిలుపుదల. మళ్ళీ చేరితే రెండు సంవత్సరాలు, ఆపైన మూడు. లెర్నర్ లైసెన్సు ఉన్నవారికి 5 పాయింట్లకే రద్దు. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడండి. దుబాయిలో ఏడాదిలో రెండు ఎర్రదీపాలు దాటితే లైసెన్సు నిలుస్తుంది. మన పట్టిక ప్రకారం రెండేళ్ళలో ఆరు దాటాలి. అన్న ఒక్క తప్పుతో సగం దూరం పోతే తమ్ముడు అదే తప్పుతో ఆరవ వంతు మాత్రమే పోతాడు.

అయితే అసలు ఇబ్బంది ఈ అంకెలలో లేదు. ఫోనుకు వచ్చిన ఆ ఫోటోలోనే ఉన్నది. అందులో ఉన్నది నంబరు ప్లేటు. ఆ నంబరు తండ్రిది. తప్పు చేసినవాడు కొడుకు. జరిమానాను తండ్రి పేర పంపవచ్చు, ఎందుకంటే బండి ఆయనది. పాయింటును మాత్రం ఆయన లైసెన్సు మీద వేయడం న్యాయం కాదు, కొడుకు లైసెన్సు మీద వేయడానికి ఫోటో చాలదు. పోలీసువారు దారిలో ఆపి లైసెన్సు చూస్తే తప్ప పాయింటు మనిషిని చేరలేదు. బండి అమ్మి పేరు మార్పించకపోతే కొన్నవాడి తప్పులకు అమ్మినవాని ఫోనుకు చలానాలు వస్తూనే ఉండటానికి కారణం కూడా ఇదే. చలానా ప్లేటు వెంట నడుస్తుంది.

దీనికి తోడు మరొక అలవాటు మన ఇళ్ళలో పాతుకుపోయింది. 2022 మార్చిలో పెండింగు చలానాల మీద ద్విచక్ర వాహనాలకు నూటికి 75 రూపాయలు తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్ళీ నూటికి 80 తగ్గించారు. ఎప్పటికప్పుడు కట్టినవాడు పూర్తిగా కట్టాడు, కట్టనివాడు అయిదవ వంతుతో బయటపడ్డాడు. ఈ పెద్దాయన ఫోనులో కూడా ఏడు చలానాలు అలాగే ఉన్నాయి. "మళ్ళీ తగ్గిస్తరు కదా, అప్పుడు కడతం" అన్నారు. ఆయనను తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు. ఆ పాఠం నేర్పినది ఆయన కాదు. కాని ఆ ఏడింటిలో మూడు ఎర్రదీపాలు, రెండు అతివేగాలు. ఆయన వాటిని రూపాయలుగా లెక్కపెట్టారు. మేము వాటిని కొడుకు ప్రాణానికి వచ్చిన అయిదు గండాలుగా చదివాము. అవి ఆయన పర్సులో నుండి పోయినా పోకపోయినా, కొడుకు అలవాటులో నుండి మాత్రం పోలేదు.

పాయింట్లు లేకపోయినా లైసెన్సు నిలుపుదల మన చట్టంలో లేదనుకొనడం పొరపాటు. మోటారు వాహనాల చట్టం 19వ సెక్షను లైసెన్సు ఇచ్చిన అధికారికి దానిని కొంతకాలం చెల్లకుండా చేసే అధికారాన్ని కూడా ఇచ్చింది. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015 ఆగస్టులో అన్ని రాష్ట్రాలకూ వ్రాస్తూ, ఆరు తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు నిలపాలని ఆదేశించింది. అతివేగం, ఎర్రదీపం దాటడం, సరుకు బండిలో అధిక బరువు, సరుకు బండిలో మనుషులను ఎక్కించడం, త్రాగి నడపడం, నడుపుతూ ఫోను మాట్లాడటం. వీటిలో మొదటి తప్పుకే నిలుపుదల. పాయింట్లు పోగుపడే దాకా ఆగవలసిన పని లేదు. అంటే దారిలో ఆపి లైసెన్సు తీసుకుంటే ఇక్కడి చట్టం దుబాయి చట్టం కన్నా ముందే పట్టుకొనగలదు. కెమెరాకు దొరికితే రూపాయలతో పోతుంది. ఒకే తప్పుకు, దొరికిన తీరును బట్టి ఫలితం మారుతున్నది.

లైసెన్సు నిలుపుదల ప్రక్రియ ఎలా ఉంటుందో కూడా తెలుసుకొనడం మంచిది. అధికారి నేరుగా నిలిపివేయరాదు. ముందుగా నోటీసు ఇచ్చి మన సమాధానం వినాలి. కనుక రవాణా కార్యాలయం నుండి కాగితం వస్తే దాచిపెట్టకూడదు, చెప్పిన తేదీకి పోవాలి. ఆ వేళ బండి తాను నడపలేదన్నా, దీపం పనిచేయలేదన్నా చెప్పుకొనవలసినది అక్కడే. ఉత్తర్వు వచ్చిన తరువాత కూడా 30 రోజుల లోపల అప్పీలు చేసుకొనవచ్చు. చిరునామా మారి నోటీసు పాత ఇంటికి పోతే ఈ అవకాశమంతా చేజారుతుంది. లైసెన్సు మీద ఏ చిరునామా ఉన్నదో ఈ రోజే ఒకసారి తీసి చూడండి.

ఆ మూడు నెలలు బండి ముట్టుకోకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం. చాలామంది విఫలమయ్యేది ఇక్కడే. నిలుపుదలలో ఉన్న లైసెన్సుతో నడిపితే మన చట్టం 182వ సెక్షను ప్రకారం మూడు నెలల వరకు జైలు, పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకన్నా పెద్ద ప్రమాదం బీమాది. ఆ కాలంలో అతడు ఎవరినైనా గుద్దితే, నడిపినవానికి అర్హత లేదని బీమా సంస్థ వాదించవచ్చు. బాధితునికి సొమ్ము ముందు బీమా సంస్థే చెల్లించినా, తరువాత బండి యజమాని నుండి వసూలు చేసుకొనమని తీర్పులు వస్తుంటాయి. ఈ ఇంట్లో బండి యజమాని ఎవరు? తండ్రి. మగ్గం మీద సంపాదించి కట్టుకున్న ఇల్లు ఎవరిది? ఆయనదే.

ఈ మాట విన్న తరువాత ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఇంతలో చిన్నవాడు బయట నుండి వచ్చాడు. తండ్రి కోపగించుకొనలేదు. ఒక పాత పుస్తకం తెప్పించి, మధ్యన గీత గీసి, ఒక పక్క పెద్దవాని పేరు, మరొక పక్క చిన్నవాని పేరు వ్రాయించారు. పెద్దవాని కింద 4, 6, 12 అని తేదీలతో సహా వ్రాశాడు తమ్ముడు. తన కింద ఏమి వ్రాయాలో తోచక ఆగాడు.

"నీకు సర్కారు పాయింట్లు వెయ్యలే. అన్నకు ఏసిన లెక్కనే ఏసుకో" అన్నారు తండ్రి.

ఆ అబ్బాయి ఏడు చలానాలు తీసి చూసుకున్నాడు. ఎర్రదీపాలు మూడు, ఒక్కొక్కటి 12. మూడింటికి 36 అని వ్రాసి కలం కింద పెట్టాడు. ఆ పూట కరీంనగరుకు బస్సులో పోతానన్నాడు. బండి తాళం చెవి గోడకు ఉన్న మేకుకే ఉన్నది.

మేము తిరిగి వచ్చిన తరువాత దుబాయి నుండి కబురు వచ్చింది. పెద్దవాడు శిక్షణ తరగతికి పేరు ఇచ్చాడట. ఇన్షా అల్లాహ్, పుస్తకంలో అతని వైపు 22 కొట్టివేసి 14 వ్రాసే రోజు దగ్గరలోనే ఉన్నది.